దుబాయ్ కార్డుతో కరీంనగర్ ఇంటికి మ్యూజిక్ ప్లాన్: డబ్బులున్నా పేమెంట్ ఎందుకు పడదు?

గల్ఫ్‌లో ఉద్యోగం చేసే కొడుకు ప్రతి నెలా ఇంటికి డబ్బు పంపిస్తాడు. అలాంటివాడు ఇంట్లోవాళ్లు పాటలు, నాత్‌లు, ఖవ్వాలీలు యాడ్స్ గోల లేకుండా వినాలని ఓ మ్యూజిక్ ప్లాన్ కట్టబోతే మాత్రం పని జరగదు. కార్డులో బ్యాలెన్స్ ఉంటుంది, నంబర్ కరెక్టుగానే కొడతాడు, అయినా స్క్రీన్ మీద పేమెంట్ కుదరలేదనే మాటే వస్తుంది. ఇంకో కార్డు పెట్టినా అదే మాట. చివరికి బ్యాంకుకు ఫోన్ చేస్తే "మా వైపు ఏ ప్రాబ్లం లేదు సార్" అంటారు.

చాలాసార్లు బ్యాంకు చెప్పేది నిజమే. తేడా డబ్బు దగ్గర కాదు, దేశం దగ్గర వస్తోంది. అకౌంట్ ఒక దేశానిది, కార్డు ఇంకో దేశానిది. మ్యూజిక్ సర్వీసులు ఈ రెండూ ఒకటే దేశానివై ఉండాలంటాయి. ఈ ఒక్క రూల్ సరిగ్గా అర్థమైతే ఏ కార్డు పనిచేస్తుంది, ఏది చేయదు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ముందుగా ఏం మార్చుకోవాలి అన్నవన్నీ తేలిపోతాయి.

యాప్ మిమ్మల్ని ఏ దేశం మనిషి అనుకుంటోంది?

మన ఇళ్లలో బాగా వాడే స్పాటిఫైనే తీసుకుందాం. ఇది 2018 నవంబర్‌లో యూఏఈ, సౌదీ, కువైట్, ఖతర్ లాంటి దేశాల్లో మొదలైంది. ఇండియాకు 2019 ఫిబ్రవరిలో వచ్చింది. ఒక్కో దేశంలో ప్లాన్ ధర ఒక్కోలా ఉంటుంది. పాటల హక్కులు కూడా దేశాలవారీగానే కొంటారు. అందుకే ప్రతి అకౌంట్‌కూ ఒక దేశం ముద్ర ఉంటుంది. అకౌంట్ తెరిచిన రోజు మీరు ఎక్కడున్నారో ఆ దేశమే మామూలుగా దాని మీద పడుతుంది.

పేమెంట్ చేసేటప్పుడు మూడు విషయాలు కలుస్తున్నాయా లేదా అని చూస్తారు. ఒకటి, అకౌంట్ మీదున్న దేశం. రెండు, ఇప్పుడు మీ ఇంటర్నెట్ ఏ దేశం నుంచి వస్తోందన్నది. మూడు, కార్డు ఇచ్చిన బ్యాంకు దేశం. ఎక్కువమంది మొదటి రెండింటి గురించే ఆలోచిస్తారు. అసలు పేచీ మూడోదాంతోనే.

కార్డు ఏ దేశానిదో వాళ్లకెలా తెలుస్తుంది? కార్డు నంబర్‌లోనే ఆ సంగతి ఉంటుంది. మొదటి ఆరు నుంచి ఎనిమిది అంకెలు ఆ కార్డును ఏ బ్యాంకు ఇచ్చిందో చెబుతాయి. వీటిని బ్యాంకు గుర్తింపు నంబర్ అంటారు. ఆ అంకెలు చూడగానే ఇది దుబాయ్ బ్యాంకు కార్డా, రియాద్ బ్యాంకుదా, ముంబై బ్యాంకుదా అని తెలిసిపోతుంది. కార్డు మీద పేరు ఎవరిదైనా, బిల్లింగ్ అడ్రస్ దగ్గర కరీంనగర్ అని రాసినా, ఆ అంకెలు మారవు కదా.

ఒక కుటుంబం లెక్క

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా అనుకుందాం. పెద్దబ్బాయి దుబాయ్‌లో ఉంటాడు. అమ్మీ, అబ్బా, చెల్లెలు, తమ్ముడు కరీంనగర్‌లో ఉంటారు. పెద్దబ్బాయి అకౌంట్ దుబాయ్‌లో తెరిచింది కాబట్టి అది యూఏఈ అకౌంట్. ఇంట్లోవాళ్లవి ఇండియా అకౌంట్లు, ఇప్పటిదాకా ఫ్రీగా వాడుతున్నారు.

మొదట అతను తన యూఏఈ అకౌంట్‌లోనే ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటాడు. యూఏఈ అకౌంట్‌కు యూఏఈ కార్డు కాబట్టి పేమెంట్ వెంటనే పడిపోతుంది. ఇంటికి ఇన్విటేషన్ లింకులు పంపిస్తాడు. చెల్లెలు లింక్ నొక్కగానే ఇంటి అడ్రస్ అడుగుతుంది. ఆమె కరీంనగర్ అడ్రస్ రాస్తుంది, అది కలవలేదని వస్తుంది. కారణం ఏంటంటే, ఫ్యామిలీ ప్లాన్ ఒకే ఇంట్లో, ఒకే అడ్రస్‌లో ఉండేవాళ్ల కోసం పెట్టింది. ప్లాన్ ఎవరి పేరు మీదుందో వాళ్ల అడ్రస్, చేరేవాళ్ల అడ్రస్ ఒకటే కావాలి. రక్త సంబంధం ఉందా లేదా అని చూడరు, కప్పు ఒకటేనా అని చూస్తారు. "దుబాయ్ అడ్రసే కొట్టేయండి" అని అన్న చెబితే ఆ పూటకు గడవొచ్చేమో గానీ, అడ్రస్ మళ్లీ ఎప్పుడైనా సరిచూస్తారు, అప్పుడు తీసేస్తారు. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక ఫ్యామిలీ ప్లాన్‌లో చేరినవాళ్లు ఇంకో ఫ్యామిలీ ప్లాన్‌కు మారాలంటే 12 నెలల్లో ఒక్కసారే కుదురుతుంది. తొందరపడి తప్పు ప్లాన్‌లో చేరితే ఆ ఒక్క ఛాన్స్ అయిపోతుంది.

రెండోసారి అతను రూటు మారుస్తాడు. తమ్ముడి ఇండియా అకౌంట్‌లోకి దుబాయ్ నుంచే లాగిన్ అయ్యి, అక్కడ ప్లాన్ కొనడానికి తన యూఏఈ కార్డు పెడతాడు. పేమెంట్ పడదు. దుబాయ్ నుంచి చేసినందుకేమో అనుకుని తమ్ముడికి ఫోన్ చేసి కార్డు నంబర్ చెబుతాడు. ఈసారి కరీంనగర్ ఇంటర్నెట్, ఇండియా అకౌంట్, రెండూ కలిశాయి. అయినా పడదు. కార్డు మొదటి అంకెలు ఇంకా దుబాయ్ బ్యాంకు అనే చెబుతున్నాయి కదా.

"భాయ్, ఓటీపీ ఏమైనా వచ్చిందా?" అని తమ్ముడు అడుగుతాడు.

"లేదురా, ఏం రాలేదు."

అసలు సంగతి ఈ జవాబులోనే ఉంది. చాలావరకు ఓటీపీ, బ్యాంకు మెసేజ్ ఏదీ రాకుండానే ఆగిపోయిందంటే, ఆ రిక్వెస్ట్ బ్యాంకు దాకా వెళ్లలేదని అర్థం. మ్యూజిక్ సర్వీస్ వైపే కార్డు దేశం చూసి వద్దనేశారు. అలా కాకుండా ఓటీపీ వచ్చి, అది కొట్టాక కూడా ఫెయిల్ అయితే, లేదా రిజెక్ట్ అయిందని బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే, అప్పుడు చూడాల్సింది బ్యాంకు వైపు. ఆన్‌లైన్ వాడకం ఆఫ్‌లో ఉందా, లిమిట్ దాటిందా, బ్యాలెన్స్ సరిపోలేదా అన్నది అప్పుడు చూసుకోవాలి. ఈ తేడా తెలియక చాలామంది పది సార్లు ట్రై చేస్తారు. కొద్ది నిమిషాల్లో అన్నిసార్లు ఫెయిలైతే బ్యాంకుకు అనుమానం వచ్చి కార్డునే బ్లాక్ చేయొచ్చు. అప్పుడు పరాయి దేశంలో కిరాణా సామానుకు కూడా ఇబ్బందే.

మూడోసారి అతను సింపుల్‌గా ఆలోచిస్తాడు. ప్లాన్ డబ్బులు ఇంటికి పంపిస్తాడు. తమ్ముడు తన ఇండియా అకౌంట్‌లో ఫ్యామిలీ ప్లాన్ తీసుకుని యూపీఐతో కడతాడు. అమ్మీ, అబ్బా, చెల్లెలు ముగ్గురూ అదే ఇంటి అడ్రస్‌తో చేరతారు. అంతా ఐదు నిమిషాల పని. పెద్దబ్బాయి తన దుబాయ్ అకౌంట్‌ను, దుబాయ్ కార్డుతో, తన వరకే ఉంచుకుంటాడు.

దీన్నిబట్టి పెట్టుకోవాల్సిన లెక్క ఇది: వినేవాళ్లు ఎక్కడ ఉంటారో అకౌంట్ ఆ దేశానిదై ఉండాలి, కట్టే కార్డు లేదా యూపీఐ కూడా ఆ దేశానిదే కావాలి. డబ్బు సంపాదించేది ఎక్కడన్నది దీనికి సంబంధం లేని సంగతి.

ఎన్ఆర్ఐ అకౌంట్ కార్డు ఉంటే కథ వేరు

ఇక్కడ చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. కార్డు దేశం అంటే కార్డు ఇచ్చిన బ్యాంకు దేశమే తప్ప, కార్డు పట్టుకున్న మనిషి ఉన్న దేశం కాదు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లలో ఎంతోమందికి ఇక్కడి బ్యాంకులో ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా ఉంటుంది. ఆ ఖాతా మీద వచ్చే డెబిట్ కార్డు ఇండియా బ్యాంకు కార్డే. మనిషి షార్జాలో కూర్చుని ఉన్నా, దాని మొదటి అంకెలు ఇండియా అనే చెబుతాయి. ఇంటి దగ్గరి ఇండియా అకౌంట్‌కు కట్టడానికి ఆ కార్డు దేశం లెక్కలో సరిపోతుంది.

మొదటిసారి కట్టేటప్పుడు ఓటీపీ మాత్రం బ్యాంకులో రిజిస్టర్ అయిన నంబర్‌కే వెళ్తుంది. ఆ సిమ్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి. ఇండియా కార్డుల మీద ప్రతి నెలా ఆటోమేటిక్‌గా డబ్బు కోసే పద్ధతికి రిజర్వ్ బ్యాంక్ రూల్స్ 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలవుతున్నాయి. మొదటిసారి ఓటీపీతో ఒప్పుకుంటేనే ఆటో పేమెంట్ మొదలవుతుంది. తర్వాత ప్రతిసారి డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి. ఆ మెసేజ్‌లో ప్లాన్‌ను ఆపుకునే దారి కూడా ఉంటుంది. కాబట్టి ఆ మెసేజ్‌లు వచ్చే నంబర్ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

యూపీఐ విషయంలోనూ దారి తెరుచుకుంది. 2023 జనవరిలో పది దేశాల మొబైల్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలను యూపీఐకి కలుపుకోవడానికి ఎన్‌పీసీఐ అనుమతించింది. ఆ మొదటి జాబితాలో సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమన్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ అందులో లేవు. మీ బ్యాంకు, మీరు వాడే యూపీఐ యాప్ ఈ సౌకర్యం ఇస్తున్నాయో లేదో బ్యాంకును అడిగి తెలుసుకోవాలి.

తిరగేసినా ఇదే రూల్

ఇండియా నుంచి కొత్తగా దుబాయ్ వెళ్లిన పిల్లలకు ఇదే చిక్కు తిరగబడి ఎదురవుతుంది. అక్కడికెళ్లి కొత్త అకౌంట్ తెరిస్తే అది యూఏఈ అకౌంట్ అవుతుంది. జీతం ఇంకా రాలేదని అబ్బా కార్డు, అంటే ఇండియా కార్డు పెడితే అకౌంట్ దేశంతో కలవదు. దీనికి తోడు ఇంకో అడ్డు ఉంది. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం ఇండియాలో కొత్తగా ఇచ్చే కార్డులకు విదేశీ లావాదేవీలు ఆఫ్‌లోనే వస్తాయి. కావాలంటే మనమే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఆ స్విచ్ ఆన్ చేసినా బ్యాంకు వైపు అడ్డు మాత్రమే పోతుంది, దేశం మిస్‌మ్యాచ్ అలాగే ఉంటుంది.

ఇలాంటివాళ్లు తొందరపడి కొత్త అకౌంట్ తెరవకపోవడమే మేలు. ఇండియాలో ఉన్నప్పుడే ప్రీమియం కట్టిన వ్యక్తిగత అకౌంట్ ఉంటే, అది దుబాయ్‌లోనూ పనిచేస్తుంది. ఫ్రీ అకౌంట్‌కు మాత్రం గడువుంది. సొంత దేశం దాటి 14 రోజులే నడుస్తుంది, ఆ తర్వాత దేశం మార్చుకోమని ఆపేస్తుంది.

వీపీఎన్‌తో ఎందుకు కుదరదు?

"వీపీఎన్ ఆన్ చేసి చౌక దేశం ప్లాన్ తీసుకో" అని సలహా ఇచ్చే ఫ్రెండ్స్ ప్రతి రూమ్‌లోనూ ఉంటారు. వీపీఎన్ మార్చేది ఇంటర్నెట్ దేశాన్ని మాత్రమే. కార్డు అంకెలను అది మార్చలేదు. ఏదో విధంగా ఒకసారి పేమెంట్ పడినా, తర్వాత రోజూ వినేది అసలు ఉన్న చోటి నుంచే కదా. సర్వీసుకు ఆ తేడా కనిపిస్తూనే ఉంటుంది. 2024 జూన్‌లో యూట్యూబ్ ప్రీమియంలో ఇదే జరిగింది. చౌక దేశాల పేరుతో కొన్న ప్లాన్లు రద్దవడం మొదలైంది. ప్లాన్ తీసుకున్న దేశం, వాడుతున్న దేశం కలవనివాళ్లను ఇప్పుడున్న దేశానికి బిల్లింగ్ మార్చుకోమంటున్నామని కంపెనీ చెప్పింది.

వాట్సాప్ గ్రూపుల్లో ఏడాది ప్రీమియం అతి తక్కువకు ఇస్తామనేవాళ్లలో చాలామంది చేసేది కూడా ఇదే. ఇంకో దేశంలో ఎవరిదో ఫ్యామిలీ ప్లాన్‌లో మిమ్మల్ని కూర్చోబెడతారు. అది రద్దయిన రోజు మీ డబ్బు వెనక్కి ఇచ్చేవాడు ఉండడు. పైగా 12 నెలలకు ఒకసారి అనే మారే ఛాన్స్ కూడా అప్పటికే వాడేసి ఉంటారు.

గల్ఫ్ నుంచి పూర్తిగా వచ్చేస్తున్నవాళ్లు ఏం చేయాలి?

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఉద్యోగం వదిలి ఎగ్జిట్ మీద వచ్చేవాళ్లు అక్కడి బ్యాంకు ఖాతా క్లోజ్ చేస్తారు. మ్యూజిక్ అకౌంట్ మాత్రం ఇంకా యూఏఈ పేరు మీదే ఉంటుంది. నెల తిరిగేసరికి పాత కార్డు నుంచి డబ్బు పడదు. కొన్నిసార్లు ట్రై చేసి ప్రీమియం తీసేస్తారు. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఇక ప్లే కావు. అప్పుడు అకౌంట్ ఫ్రీగా మారుతుంది, ఉన్నది ఇండియాలో, కాబట్టి 14 రోజుల గడువు అడ్డం పడుతుంది. కంగారులో చాలామంది కొత్త అకౌంట్ తెరుస్తారు. ఏళ్ల తరబడి కూర్చుకున్న ప్లేలిస్టులన్నీ పాతదాంట్లోనే ఉండిపోతాయి.

నిజానికి కొత్త అకౌంట్ అక్కర్లేదు. ప్లేలిస్టులు అకౌంట్‌కు అంటుకుని ఉంటాయి, దేశానికి కాదు. ఇండియాకు వచ్చాక, కట్టిన నెల పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత వీపీఎన్ ఉంటే ఆపేసి, యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో స్పాటిఫై అకౌంట్ పేజీ తెరిచి లాగిన్ అవ్వండి. అక్కడ Edit profile లోకి వెళ్తే దేశం గడి కనిపిస్తుంది. అందులో India ఎంచుకుని సేవ్ చేయాలి. మీరు నిజంగా ఇండియా ఇంటర్నెట్ మీద ఉంటేనే ఆ పేరు కనిపిస్తుంది. అందుకే దుబాయ్‌లో విమానం ఎక్కకముందే ఈ పని చేయాలని చూస్తే కుదరదు. దేశం మారాక ఇండియా ప్లాన్ తీసుకుని యూపీఐతోనో, ఇక్కడి కార్డుతోనో కడితే సరిపోతుంది. కొన్ని పాటలు బూడిద రంగులో కనిపించి ప్లే కాకపోవచ్చు. వాటి హక్కులు ఇండియాకు లేవని అర్థం, మీ అకౌంట్‌లో తప్పేం లేదు.

ప్లాన్ ఫోన్ స్టోర్ ద్వారా కొని ఉంటే

కొందరు ప్లాన్‌ను గూగుల్ ప్లే నుంచో, ఆపిల్ నుంచో కొంటారు. యూట్యూబ్ మ్యూజిక్, ఆపిల్ మ్యూజిక్ వాడేవాళ్లకు ఇది ముఖ్యం. అప్పుడు మార్చాల్సింది ఆ స్టోర్ దేశాన్ని.

గూగుల్ ప్లేలో దేశం ఏడాదికి ఒక్కసారే మార్చుకోవచ్చు. కొత్త దేశంలో ఉండాలి, ఆ దేశం పేమెంట్ పద్ధతి ఒకటి ఉండాలి. మారడానికి 48 గంటల దాకా పట్టొచ్చు. పాత దేశంలో గిఫ్ట్ కార్డుతో వేసుకున్న బ్యాలెన్స్ కొత్త దేశంలో వాడుకోలేరు. కాబట్టి నెల రోజుల సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఊరికే మార్చేయకండి. మళ్లీ దుబాయ్ వెళ్లాక ఏడాది దాకా వెనక్కి మారదు.

ఆపిల్‌లో పద్ధతి ఇంకా గట్టిగా ఉంటుంది. దేశం మార్చేముందు అకౌంట్‌లోని బ్యాలెన్స్ మొత్తం ఖర్చు చేయాలి. నడుస్తున్న సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసి, వాటి గడువు పూర్తయ్యేదాకా ఆగాలి. ఫ్యామిలీ షేరింగ్ గ్రూప్‌లో ఉంటే దాన్నుంచి బయటికి రావాల్సి ఉంటుంది. కొత్త దేశం పేమెంట్ పద్ధతి చేతిలో పెట్టుకోవాలి. ఇవన్నీ చివరి వారంలో గుర్తొస్తే కుదరవు. టికెట్ బుక్ అయిన రోజే ఆటో రెన్యువల్ ఆపేసుకుంటే, కట్టిన గడువు దాకా ప్లాన్ నడుస్తూనే ఉంటుంది, ఇటు దేశం మార్చుకోవడానికి దారీ తెరుచుకుంటుంది.

గిఫ్ట్ కార్డుల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. దుబాయ్ సూపర్ మార్కెట్‌లో కొన్న గిఫ్ట్ కార్డు కోడ్‌ను కరీంనగర్‌లోని చెల్లెలికి పంపితే ఆమె ఇండియా అకౌంట్ దాన్ని తీసుకోదు. ఏ దేశంలో అమ్మారో ఆ దేశం అకౌంట్‌లోనే అది చెల్లుతుంది. కొనేముందు కార్డు వెనకాల ఏ దేశం పేరు రాసుందో చూడండి, కోడ్ గీకిన తర్వాత షాపువాడు వెనక్కి తీసుకోవడం కష్టం.

ఇప్పుడు మీ ఇంట్లో ఒక ప్లాన్ నడుస్తుంటే ఒక్కసారి అకౌంట్ పేజీ తెరిచి మూడు సంగతులు చూసుకోండి: దేశం గడిలో ఏముంది, డబ్బు ఏ బ్యాంకు కార్డు నుంచి పోతోంది, బిల్లు నేరుగా సర్వీసు తీసుకుంటోందా, ఫోన్ స్టోర్ ద్వారా పోతోందా. మూడూ వినేవాళ్లు ఉన్న దేశంతో కలిస్తే ఇబ్బంది లేదు. ఏదైనా కలవకపోతే, పాత కార్డు ఇంకా పనిచేస్తున్నప్పుడే సరిచేసుకోవడం తేలిక. కార్డు ఆగిపోయాక అదే పని చేయాలంటే, ప్లాన్‌తో పాటు డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు కూడా అప్పటికే పోయి ఉంటాయి.